ఖర్చుల యాప్‌కు పేరు: ఆరు మాటలు, మూడు చెవులు

మా మేనల్లుడూ వాడి ఇద్దరు స్నేహితులూ కలిసి ఇంటి ఖర్చులు రాసుకునే మొబైల్ యాప్ ఒకటి తయారు చేసినారు. హోసూరు, క్రిష్ణగిరి, బెంగళూరు వైపు ఉండే తెలుగు ఇండ్లను మనసులో పెట్టుకొని చేసినది. జీతం ఎంత వచ్చింది, పాలకెంత, కరెంటుకెంత, బడి ఫీజుకెంత, నెలాఖరుకు ఎంత మిగిలింది, ఇంతే దాని పని. పని అయిపోయింది, పేరు మాత్రం కుదరలేదు. ఆరు పేర్లు రాసి పంపి, "మామా, ఇందులో ఏది బాగుంటుందో చెప్పు" అన్నాడు. ఆ ఆరూ ఇవి: మన ఖర్చు, ఖాతా, చిట్టా, పద్దు, సెలవు, వెచ్చాలు.

ఏది బాగుంటుంది అంటే ఎవరి ఇష్టం వాళ్ళది. పేరు చేయవలసిన పని ఏమిటి, ఈ ఆరింటిలో ఏది ఆ పని చేస్తుంది అని అడిగితే మాత్రం జవాబు చెప్పవచ్చు. తమిళనాడులోనూ కర్ణాటకలోనూ బ్యాంకు శాఖల్లో లెక్కలు చూసినవాణ్ణి కనక ఈ మాటలు ఒక్కొక్కటీ ఏ ఊళ్ళో ఏ అర్థం మోస్తుందో నాకు కొంత తెలుసు. పైగా ఈ ఆరు మాటల్నీ వరుసగా పెట్టి చూస్తే మన సరిహద్దు తెలుగు చరిత్ర కొంత బయటపడుతుంది. అందుకే వాడికి చెప్పింది ఇక్కడ కూడా రాస్తున్నాను.

మెట్ల లెక్క

ముందు "మన ఖర్చు" సంగతి తీసేద్దాం. అర్థం కానివాళ్ళు ఎవరూ ఉండరు, అదే దాని జబ్బు. స్టోరులోకి పోయి చూడండి. ఎక్స్‌పెన్స్ మేనేజర్, మనీ మేనేజర్, ఎక్స్‌పెన్స్ ట్రాకర్ అని ఒకే పేరుతో, ఒకటీ అరా అక్షరం తేడాతో వరుసగా కనపడతాయి. ఒక యాప్ నచ్చి పక్కింటావిడకు చెప్పాలంటే "ఆకుపచ్చ బొమ్మ ఉంటుంది చూడు, అది" అని చెప్పాల్సి వస్తుంది. పేరు చెప్పినా ఇది ఫలానా అని తెలియకపోతే అది పేరు ఎట్లా అవుతుంది? అది వస్తువు రకం మాత్రమే. కిరాణా అంగడికి "అంగడి" అని బోర్డు కట్టినట్టు.

చట్టం కూడా ఇదే చెప్తుంది. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సరుకు రకాన్నీ గుణాన్నీ అది పనికివచ్చే అవసరాన్నీ తెలిపే మాటలు మాత్రమే ఉన్న పేరును మామూలుగా నమోదు చేయరు. చాలాకాలం వాడకంలో ఉండి జనం ఆ పేరు వింటే ఆ ఒక్కరి సరుకే అనుకునే స్థితి వస్తే తప్ప. దీనికి కారణం సులువు. ఖర్చు అనే మాటను ఒకరికి రాసిచ్చేస్తే మిగతా వ్యాపారులు తమ సరుకు ఏమిటో ఏ మాటతో చెప్పుకోవాలి? పేరు తెలుగులో ఉంటే ఈ అడ్డంకి రాదని కొందరు అనుకుంటారు. హిందీ, ఇంగ్లీషు కాని లిపిలో పేరు ఇస్తే దరఖాస్తుతోపాటు దాని ఉచ్చారణనూ అర్థాన్నీ కూడా రాసివ్వాలి. అర్థం "మన ఖర్చు" అని రాసిచ్చిన తరువాత దాచేదేముంది?

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉండే పేర్లున్నాయి. వాల్నట్ అని ఒక ఖర్చుల యాప్ ఉండేది, తరువాత దాని పేరు ఆక్సియో అయింది. వాల్నట్ అంటే అక్రోటు కాయ. దానికీ ఇంటి ఖర్చుకూ ఏ సంబంధమూ లేదు. అటువంటి పేరుకు చట్టంలో బలం ఎక్కువ, కాని అది దేని పేరో జనానికి నేర్పడానికి ప్రచారానికి డబ్బు పోయాలి. ముగ్గురు కుర్రవాళ్ళ చేతిలో అంత డబ్బు ఎక్కడిది?

ఈ రెండు కొసల నడుమ ఉంది మనకు కావలసిన జాగా. అమెరికాలో మింట్ అనే ఖర్చుల యాప్ చాలాకాలం నడిచి 2024లో మూతపడింది. మింట్ అంటే నాణేలు ముద్రించే టంకసాల. డబ్బు సంగతి అని చూచాయగా తెలుస్తుంది, మరొకరి పేరుతో కలవదు. మనకు బాగా తెలిసిన టాలీ కూడా అంతే. పూర్వం ఇంగ్లండులో అప్పు లెక్కను కర్ర మీద గాట్లు పెట్టి, కర్రను నిలువునా చీల్చి, ఇచ్చినవాడి దగ్గర ఒక సగం, పుచ్చుకున్నవాడి దగ్గర ఒక సగం ఉంచేవాళ్ళు. రెండు సగాలూ కలిపి చూస్తే గాట్లు సరిపోవాలి. ఆ కర్ర పేరే టాలీ. లెక్క సరిపోవడం అనే మాటకు ఒక్క మెట్టు దూరంలో ఉంది.

నేను వాడే కొలబద్ద ఇదే. పేరు విన్నవాడు యాప్ పనికి చేరడానికి ఎన్ని మెట్లు దిగాలి? సున్నా అయితే అది వస్తువు రకం పేరు. రెండు మూడు అయితే విప్పి చెప్తే తప్ప తెలియదు. ఒక మెట్టు ఉండాలి. మన సరిహద్దుల్లో ఇంకో చిక్కు ఉంది. మన ఇంట్లో ఒక మెట్టు దూరంలో ఉన్న మాట పక్కింటి తమిళ చెవికి, ఎదురింటి కన్నడ చెవికి వేరే మెట్ల మీద నుంచి వేరే ఇంటికి దిగుతుంది. కాబట్టి ప్రతి మాటనూ మూడు చెవులతో వినాలి.

ఖాతా, చిట్టా

ఖాతా అంటే ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకు బ్యాంకు ఖాతా, లేదా అంగట్లో అరువు ఖాతా. ఖాతాబుక్ అనే యాప్ ఆ అరువు అర్థాన్నే పట్టుకొని దుకాణదారుల మధ్య నిలబడింది. వాళ్ళ పనికి అది సరిగ్గా సరిపోయింది. ఇంటి ఖర్చుకు ఆ పేరు పెడితే ఇంకొకరి నీడలో నిలబడినట్టే. అది ఒకటి. బెంగళూరులో ఖాతా అంటే ఇంటి స్థలానికి కార్పొరేషన్ ఇచ్చే కాగితం. ఏ ఖాతా, బీ ఖాతా అని అక్కడ అందరి నోటా ఉండే మాట. ఖాతా అని బొమ్మ కింద చూస్తే ఇంటి పన్ను కట్టే యాప్ అనుకుంటారు. ఒడిశాలో ఖాతా అంటే పిల్లలు రాసుకునే నోటు పుస్తకం. ఒకే మాటకు ఇన్ని ఇండ్లు ఉంటే, అది మన ఇంటికే దారి చూపుతుందని ఎట్లా నమ్మేది?

చిట్టా నాకు చేతికి అలవాటైన మాట. రోజువారీ రాబడి ఖర్చులు వచ్చినవి వచ్చినట్టు రాసేది చిట్టా, అందులోనుంచి పద్దులవారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఇంగ్లీషు పుస్తకాల్లో డే బుక్, లెడ్జర్ అని చదివింది ఇదే. ఆ లెక్కన రోజు ఖర్చు రాసే యాప్‌కు చిట్టా అచ్చంగా సరిపోవాలి. ఆవర్జా అనే జత మాట మరుగున పడిపోయింది కనక చిట్టా ఒంటరిగా వేరే అర్థంలోకి జారింది. ఇప్పటి పత్రికల్లో "అవినీతి చిట్టా", "చిట్టా విప్పాడు" అనే చోట్లే అది కనపడుతుంది. అంటే ఒకరి తప్పుల జాబితా. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ చూసుకునే ఖర్చుల యాప్‌కు ఆ వాసన పనికిరాదు. చీర ఎంతకు కొన్నావు, సిగరెట్లకెంత పోసినావు అని నిలదీసినట్టుంటుంది.

తమిళ చెవికి ఇంకా కష్టం. తమిళనాడులో పట్టా, చిట్టా అని జంటగా అంటారు, చిట్టా అంటే భూమి రికార్డు. హోసూరు తాలూకాలో భూమి ఉన్న ఏ రైతుకైనా మొదట తోచేది అదే. ఇంగ్లీషు అక్షరాల్లో `Chitta` అని రాస్తే మనసు అనే అర్థం వచ్చే చిత్త అనీ చదువుకోవచ్చు. పంజాబులో ఆ మాట మత్తుమందుకు వాడుక పేరు. పేరు ఎంత పాతదైనా, ఎంత అర్థవంతమైనా, ఇన్ని వైపులకు లాగే మాటను ఎత్తుకోవద్దని చెప్పాను.

పద్దు: నోటికి మంచిది, అక్షరాలకు చెడ్డది

ఆరింటిలో వాక్యంలో బాగా కూర్చునేది పద్దు. ఏ పేరుకైనా ఈ పరీక్ష పెట్టి చూడండి. ఇంట్లో ఇద్దరు మాట్లాడుకునే వాక్యంలో ఆ పేరు వేసి పలకాలి. "గ్యాసు డబ్బు పద్దులో వేసినావా?" ఎక్కడా నాలుక తడబడదు. "ఎక్స్‌పెన్స్ ట్రాకర్‌లో ఎంటర్ చేసినావా?" అని ఏ ఇంట్లోనైనా రోజూ అంటారా? పేరుకు విభక్తి అంటుకోవాలి, దాని పక్కన ఇంటి క్రియ నిలవాలి. లేకపోతే వారానికే ఆ పేరు పోయి "ఆ యాప్" అయిపోతుంది.

పద్దుకు మెట్ల లెక్క కూడా కుదిరింది. లెక్కలో ఒక వరుస, ఒక అంశం, అది పద్దు. శాసనసభలో బడ్జెట్ పద్దులు అని వింటూనే ఉంటాం కనక మాట బతికే ఉంది. తమిళ బ్యాంకు పాసుబుక్కుల్లో పట్రు, వరవు అని రెండు గళ్ళుంటాయి. పట్రు అంటే మనం డెబిట్ అనేది. దాన్ని మాటల్లో పత్తు అని పలుకుతారు, మన పద్దుకు దగ్గరగానే వినపడుతుంది. ఇంతవరకు అంతా మంచిదే.

చిక్కంతా కన్నడ చెవితో, ఇంగ్లీషు అక్షరాలతో. పద్దు అని ఫోనులో వెతికేవాళ్ళలో చాలామంది `Paddu` అని కొడతారు. కర్ణాటకలో ఆ అక్షరాలను పడ్డు అని చదువుతారు. పడ్డు అంటే దోశపిండితో గుంటల పెనంలో పోసే పలహారం, మనం గుంతపొంగణాలు అనేది. `Paddu` అని వెతికితే వంటల వీడియోలు వస్తాయి. ద, డ రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే అక్షరం కావడంతో వచ్చిన తంటా ఇది. మావాడు దీనికి మందు అనుకొని "ఇంటిపద్దు అని కలిపి రాస్తే?" అన్నాడు. బెంగళూరులో కొంచెం తెలుగు వచ్చిన కన్నడిగుడు దాన్ని ఇంట్లో చేసిన పడ్డు అనుకుంటాడు, అప్పుడు పలహారం ఇంటికి తెచ్చిచ్చే యాప్ అయిపోతుంది. తమిళులు రాసినట్టు `Paddhu` అని హెచ్ చేరిస్తే కన్నడ చెవి ఊరుకుంటుంది, కాని ఆ హెచ్ ఎక్కడ పెట్టాలో గుంటూరు మనిషికి తోచదు.

రాజమండ్రిలోనో యానాంలోనో వాడే యాప్‌కు అయితే పద్దు అనే పేరునే పెట్టమనేవాణ్ణి. వాళ్ళ చుట్టూ పడ్డు లేదు. బెంగళూరుకు నలభై కిలోమీటర్లలో ఉండేవాళ్ళకు అది కుదరదు.

సెలవు: మన మాటే, పేరుగా మాత్రం వద్దు

కుర్రవాళ్ళ మనసంతా ఈ పేరు మీదే ఉంది. మా అక్క ఇప్పటికీ "ఈ నెల సెలవు శానా అయిపాయ" అంటుంది. ఖర్చు అనదు. తమిళంలో సెలవు అంటే ఖర్చు కాబట్టి ఇది తమిళం నుంచి అంటుకున్నదని అవతలివాళ్ళు మనల్ని ఎకసెక్కం చేస్తుంటారు. అది పూర్తి సంగతి కాదు. తెలుగు పాత నిఘంటువుల్లో సెలవు అనే మాటకు అనుజ్ఞ అనీ ఉంది, వ్యయం అనీ ఉంది. సెలవు చేయడం అంటే ఖర్చుపెట్టడం. రెండర్థాలూ పోవడం అనే ఒక వేరునుంచి పుట్టినవే. మనిషి పోవడానికి ఇచ్చే అనుమతి ఒక సెలవు, చేతిలోనుంచి డబ్బు పోవడం ఇంకో సెలవు. కోస్తా తెలుగు మొదటిదాన్ని మాత్రం ఉంచుకుంది. పక్కన తమిళం తోడు ఉండడంవల్ల మన ఇండ్లలో రెండోది చావకుండా నిలిచింది. అరువు తెచ్చుకున్నది అనేకంటే, అవతల పోగొట్టుకున్నదాన్ని మనం కాపాడుకున్నాం అనడం సరి.

ఇంత చెప్పిన నేనే అది పేరుగా వద్దంటున్నాను. కారణం ఏమంటే, సూచన పని చేయాలంటే వినేవాడి దగ్గర ఆ మాట ముందే ఉండాలి. విజయవాడ మనిషికి సెలవు అంటే బడి సెలవు, ఆఫీసు సెలవు. సెలవు అని రాసి ఉన్న బొమ్మ చూస్తే సెలవుచీటీ పెట్టుకునే యాప్ అనుకుంటాడు. స్టోరులో వెతికినా పండుగ సెలవుల పట్టికలు వస్తాయి. తమిళుడికేమో మెట్టు అసలు లేదు, నేరుగా ఖర్చే. అంటే ఒకరికి అది మన ఖర్చు అన్నంత చప్పన, ఇంకొకరికి పూర్తిగా తప్పుదారి. ఒక మెట్టు దూరంలో నిలబడి వినేవాళ్ళు ఎవరూ లేరు. మన మాట మీద గౌరవం అనేది పేరును మోయలేదు.

అయితే ఆ మాటకు యాప్‌లో చోటు లేదని కాదు. పేరు ముక్కూ మొగం తెలియనివాళ్ళు మొదట చూసేది. లోపలి బొత్తాలు రోజూ వాడేవాళ్ళు చూసేవి. డబ్బు పోయినప్పుడు నొక్కే బొత్తం మీద, హోసూరు తెలుగు ఎంచుకున్నవాళ్ళకు, "సెలవు" అనే ఉండాలి. అక్కడ దాని పక్కన రూపాయి గుర్తు, మొత్తం అంకె ఉంటాయి కనక ఏ చెవికీ అనుమానం రాదు. మా అక్క మాట పది మంది వేళ్ళ కింద రోజూ మెదిలేది అక్కడే. స్టోరులో వేలాడే బోర్డు మీద కంటే అది మంచి జాగా అని నా అభిప్రాయం. మావాడు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

వెచ్చాలు

మిగిలింది వెచ్చాలు. నెల మొదట్లో అంగడినుంచి ఇంటికి తెచ్చుకునే బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, నూనె, వీటన్నిటికీ కలిపి వెచ్చాలు అని పేరు. వ్యయం అనే సంస్కృతం నలిగి వెచ్చం అయింది, దానినుంచే వెచ్చించడం. పత్రికల్లో "కోట్లు వెచ్చించి" అని రోజూ రాస్తారు కనక, వెచ్చాలు అనే మాట ఎప్పుడూ వాడని కుర్రవాళ్ళకు కూడా దారి దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి. వెచ్చం అని ఏకవచనంలో పెడితే అది నేరుగా ఖర్చు, సున్నా మెట్టు. కన్నడంలో వెచ్చ అన్నా ఖర్చే. 9వ సెక్షన్ అడ్డం వస్తుంది. వెచ్చాలు అని బహువచనంలో పెడితే సామాన్ల వైపు తిరుగుతుంది, అక్కడినుంచి ఒక్క మెట్టు దిగితే ఇంటి ఖర్చు. కన్నడ చెవికి లోపల వెచ్చ వినపడుతుంది కనక డబ్బు సంగతి అని తెలుస్తుంది, కాని అది వాళ్ళ వాడుక మాట కాదు కాబట్టి పేరుగానే ఉంటుంది. తమిళ చెవికి ఇంకో తమాషా. వెచ్చాలుం అంటే వాళ్ళ వాడుకలో "పెట్టినా కూడా" అని. మా ఎదురింటి తమిళాయన పేరు వినగానే "ఎవ్వళవు వెచ్చాలుం నిక్కాదు" అని నవ్వినాడు, ఎంత పెట్టినా నిలవదు అని. ఖర్చుల యాప్‌కు ఇంతకంటే అచ్చొచ్చే అపార్థం ఏముంటుంది?

వాక్యం పరీక్షలోనూ నెగ్గింది. "పాల డబ్బు వెచ్చాల్లో రాసినావా?" సులువుగా వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. వంటింటి సామాన్ల వాసన ఎక్కువ కాబట్టి కిరాణా తెచ్చిచ్చే యాప్ అని పొరబడవచ్చు. దానికి మందు పేరు పక్కన పెట్టే వివరణ. ప్లే స్టోరులో యాప్ శీర్షికకు 30 అక్షరాలే హద్దు. తెలుగులో మన కంటికి కనపడే అక్షరం ఒకటైనా గుణింతమూ పొల్లూ వేరువేరుగా లెక్కకు వస్తాయి. వెచ్చాలు మన కంటికి మూడు, యంత్రానికి ఎనిమిది. అందుకని శీర్షిక ఇట్లా కుదిర్చాం:

`వెచ్చాలు – ఇంటి ఖర్చుల పుస్తకం`

ఖాళీలతో సహా సరిగ్గా 30. పేరు సూచిస్తుంది, తోక విప్పి చెప్తుంది. తోకను ఎవరైనా వాడుకోవచ్చు, దాని మీద మనకు హక్కు అక్కరలేదు. ఫోనులో బొమ్మ కింద వెచ్చాలు ఒక్కటే కనపడితే చాలు.

రెండో లోపం ఇంగ్లీషు అక్షరాలది. చ్చ వత్తును `Vechalu`, `Vecchalu`, `Vechchalu` అని మూడు విధాల రాస్తారు. పొట్టిగా ఉండే మొదటిదాన్ని పేరుగా ఉంచి, మిగతా రెండూ వివరణలో ఎక్కడో ఒకచోట రాయమన్నాను. తప్పు అక్షరాలతో వెతికినా దొరకాలి కదా. అయితే ఈ మూడింటిలో ఏది రాసినా పలహారం మాత్రం రాదు. ఇంకో జాగ్రత్త: శీర్షికను తరువాత మార్చుకోవచ్చు, లోపల ఇచ్చే ప్యాకేజీ పేరును మాత్రం ఒకసారి స్టోరులో పెట్టాక మార్చలేం. అందులో ఈ పేరును ఇరికించకుండా తటస్థంగా ఏదో ఒకటి పెట్టుకోమన్నాను.

మూడో లోపానికి నా దగ్గర మందు లేదు. ఈ బేరీజు అంతా హోసూరు, బెంగళూరు చెవులతో వేసింది. సోలాపూరు పద్మశాలీల ఇండ్లలో, బరంపురంలో, రాయగడలో నెల సామాన్లను ఏమంటారు, డబ్బు చేతిలోనుంచి పోవడాన్ని ఏమంటారు అనేది అక్కడివాళ్ళే చెప్పాలి. మరాఠీ జమాఖర్చు, ఒడియా హిసాబు మన మాటలను పూర్తిగా తోసేసినాయా, లేక మా అక్క నోట్లో సెలవు నిలిచినట్టు ఏదైనా ఒక మూల నిలిచి ఉందా? ఒక్కొక్క ఊరి మాటా వస్తే ఆ బొత్తం మీద ఒక్కొక్కటీ చేర్చడానికి కుర్రవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు అన్నది అన్నట్టు, వాక్యంతో సహా రాసి పంపండి.